సంతకం ఒకరిది, లెక్క నలుగురిది

మీ దగ్గర ఏదైనా పెద్ద లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదిక ఉంటే, దాని వెనక భాగంలో కన్సాలిడేటెడ్ లెక్కల మీద ఆడిటర్ ఇచ్చిన నివేదిక ఒకసారి తిరగేయండి. మొదటి పేజీలో అంతా సవ్యంగా ఉందన్న మాట కనబడుతుంది. నాలుగైదు పేజీలు దాటాక 'ఇతర అంశాలు' అనే శీర్షిక కింద చాలాసార్లు ఒక పేరా ఉంటుంది. ఫలానా అనుబంధ సంస్థలను మేము ఆడిట్ చేయలేదు, వాటి ఆస్తులు ఇన్ని కోట్లు, ఆదాయం ఇన్ని కోట్లు, వాటిని వేరే ఆడిటర్లు చూశారు, ఆ సంస్థల వరకు మా అభిప్రాయానికి ఆధారం వారి నివేదికలే అని దాని సారాంశం. షేర్లు కొన్నవాళ్లలో ఈ పేరా దాకా వచ్చేవాళ్లు తక్కువ. వచ్చినవాళ్లకు మాత్రం ఒక అనుమానం కలగాలి. చూడని లెక్క మీద సంతకం ఎలా పెట్టారు?

హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఉందనుకోండి. దానికి అమెరికాలో అమ్మకాల సంస్థ, బ్రెజిల్‌లో మరొకటి, విశాఖ దగ్గర పరవాడలో ముడిమందుల ఫ్యాక్టరీ నడిపే ఇంకో సంస్థ ఉంటాయి. కంపెనీల చట్టం ప్రకారం ఇవన్నీ కలిపి ఒకే కుటుంబం లెక్కగా చూపాలి. హైదరాబాద్ ఆడిటర్ బ్రెజిల్ వెళ్లి అక్కడి రికార్డులన్నీ తిరగేయడం అయ్యే పని కాదు. భాష రాదు, అక్కడి పన్నులు తెలియవు, టైమూ ఉండదు. అందుకని అక్కడి ఆడిటర్ చేత పని చేయిస్తాడు. మొత్తం కుటుంబం లెక్క మీద సంతకం పెట్టేవాడు గ్రూపు ఆడిటర్, ఒక్కో భాగాన్ని చూసేవాడు కాంపొనెంట్ ఆడిటర్. ఈ ఇద్దరి మధ్య నడిచే వ్యవహారంలో రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఆ రెండో ఆడిటర్‌కు ఏ అంకె ఇచ్చి పంపాలన్నది ఒకటి, అతను తెచ్చిన పనిని ఎలా చదవాలన్నది మరొకటి. మిగతాదంతా దాదాపు ఉత్తరాలూ గడువులే.

రెండో జాగ్రత్త తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఇటలీ పాల కంపెనీ పర్మలాట్ కథను మించింది నాకు తెలియదు. పార్మా పట్టణం పక్కన కొల్లెక్కియోలో పుట్టిన ఆ సంస్థ 2002 నాటికి ఏడాదికి 700 కోట్ల యూరోలకు పైగా అమ్మకాలు చూపే అంతర్జాతీయ గ్రూపు. ఇటలీ చట్టం ప్రకారం ఒకే ఆడిట్ సంస్థ తొమ్మిదేళ్లకు మించి కొనసాగకూడదు. ఆ గడువు ముగిసి 1999లో గ్రాంట్ థార్న్‌టన్ ఇటలీ శాఖ తప్పుకుంది, డెలాయిట్ గ్రూపు ఆడిటర్‌గా వచ్చింది. కానీ పాత ఆడిటర్లు పూర్తిగా బయటికి పోలేదు. కొన్ని అనుబంధ సంస్థలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. వాటిలో ఒకటి కేమన్ దీవుల్లో నమోదైన బోన్లాట్.

బోన్లాట్ పుస్తకాల్లో న్యూయార్క్‌లోని బ్యాంక్ ఆఫ్ అమెరికా ఖాతాలో 395 కోట్ల యూరోల నగదు, సెక్యూరిటీలు ఉన్నట్టు రాసి ఉంది. ఆడిటర్లు నిర్ధారణ కోరుతూ ఉత్తరం రాశారు. బ్యాంకు లెటర్‌హెడ్ మీద జవాబు వచ్చింది, ఉందని. గ్రాంట్ థార్న్‌టన్ బోన్లాట్ లెక్కను ఆమోదించింది, ఆ అంకె గ్రూపు లెక్కలోకి ఎక్కింది. 2003 డిసెంబరు 19న బ్యాంకు చేసిన ప్రకటన బయటికొచ్చింది. ఆ ఉత్తరం మాది కాదు, ఆ ఖాతా కూడా లేదు. బ్యాంకు గుర్తును స్కాన్ చేసి, ఫ్యాక్స్ యంత్రంలోంచి పంపి, కాగితాన్ని నిజమైనదానిలా తయారుచేసింది కంపెనీ లోపలి మనుషులేనని తర్వాత తేలింది. ఆడిటర్ల ఉత్తరం కూడా కంపెనీ తపాలా ద్వారానే వెళ్లింది. ఉత్తరం పోస్టు చేసింది, జవాబు రాసింది ఒకే ఇంటివాళ్లు. చివరికి బయటపడ్డ గొయ్యి 1,400 కోట్ల యూరోల స్థాయిది. డెలాయిట్ 2007లో 14.9 కోట్ల డాలర్లు కట్టి పర్మలాట్‌తో కేసు పరిష్కరించుకుంది.

దీన్ని చదివిన తెలుగువాళ్లకు సత్యం గుర్తు రాకమానదు. 2009 జనవరి 7న బయటపడ్డ ఆ వ్యవహారంలోనూ లేని బ్యాంకు నిల్వలను ఉన్నాయని చెప్పిన నిర్ధారణ పత్రాలే మూలం. అక్కడ కూడా నిర్ధారణ ఉత్తరాలను పంపడం, తెప్పించడం ఆడిటర్లు తమ చేతుల్లో ఉంచుకోలేదని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తేల్చాయి. అయితే ఒక తేడా ఉంది. సత్యంలో ఆ ఉత్తరాలను చూసినవాళ్లే సంతకం పెట్టారు. పర్మలాట్‌లో ఉత్తరం చూసింది ఒకరు, గ్రూపు మీద సంతకం పెట్టింది మరొకరు. గ్రూపు ఆడిటర్ చేతికి వచ్చింది బోన్లాట్ లెక్క బాగుందన్న నివేదిక. ఆ బాగుందనడానికి ఆధారం ఏ దారిన వచ్చిందో నివేదికలో రాసి ఉండదు. అది ఫైలులోనే ఉంటుంది.

ఇలాంటి చోట బాధ్యత ఎవరిదన్న విషయంలో ప్రపంచం రెండుగా చీలి ఉంది. మన దేశంలో 2002 నుంచి అమల్లో ఉన్న ఎస్‌ఏ 600 ప్రమాణం, ప్రధాన ఆడిటర్ వేరే ఆడిటర్ పని మీద ఆధారపడి, ఆ సంగతి నివేదికలో చెప్పి, బాధ్యతను పంచుకునే వీలు ఇచ్చింది. పైన చెప్పిన పేరా అక్కడి నుంచి వచ్చిందే. అమెరికాలో కూడా ఆ వీలుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఏ 600 దీనికి ఒప్పుకోదు. అభిప్రాయం ఒకటే, బాధ్యత ఒకరిదే, చట్టం బలవంతం చేస్తే తప్ప నివేదికలో ఇంకొకరి పేరు ఎత్తకూడదు అంటుంది. దాని సవరించిన రూపం 2023 డిసెంబరు 15న గానీ ఆ తర్వాత గానీ మొదలైన లెక్కల కాలాలకు వర్తిస్తోంది. కాంపొనెంట్ ఆడిటర్లను బయటివాళ్లుగా కాక, ఒకే ఆడిట్ బృందంలో సభ్యులుగా చూడమని చెప్పడం అందులో పెద్ద మార్పు. మన ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ కూడా 2024 నవంబరులో ఆ దారిలోనే సవరించిన ప్రమాణాన్ని కేంద్రానికి సిఫార్సు చేసింది. పని అంతా పెద్ద సంస్థల చేతుల్లోకి పోతుంది, చిన్న ఆడిటర్లు నష్టపోతారు అని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ గట్టిగా అభ్యంతరం చెప్పింది. ఆ భయం ఉత్తదని నేననను. కానీ బోన్లాట్ ఫైలు ఎవరు చదవాలి అన్న ప్రశ్నకు ఆ అభ్యంతరంలో జవాబు లేదు.

ఇక మన ఊహా కంపెనీలోకి వద్దాం, అంకెలతో.

గ్రూపు మొత్తానికి పన్నుకు ముందు లాభం 120 కోట్లు. ఆడిటర్ ప్రతి పైసా పట్టుకోలేడు, పట్టుకోనక్కరలేదు. లెక్క చదివేవాడి నిర్ణయం మారేంత పెద్ద తప్పు ఏదీ మిగలకుండా చూడటం అతని పని. ఎంత తప్పయితే నిర్ణయం మారుతుంది అన్న హద్దునే మెటీరియాలిటీ అంటారు. లాభాల్లో ఉన్న కంపెనీకి పన్నుకు ముందు లాభంలో 5 శాతం తీసుకోవడం వాడుక. ఏ ప్రమాణంలోనూ ఆ అంకె నిబంధనగా లేదు. ఇక్కడ 5 శాతం అంటే 6 కోట్లు.

అయితే 6 కోట్లనే కొలబద్దగా పెట్టుకుని పని చేస్తే ప్రమాదం. దొరికిన తప్పులు సరిదిద్దినా, దొరకనివి కొన్ని ఎప్పుడూ మిగిలే ఉంటాయి. ఆ దొరకనివాటికి చోటు వదిలి, పని కోసం ఇంకాస్త తక్కువ అంకె పెట్టుకుంటారు. దీన్ని పెర్ఫార్మెన్స్ మెటీరియాలిటీ అంటారు, మనం పని పరిమితి అనుకుందాం. 6 కోట్లలో 70 శాతం తీసుకుంటే గ్రూపు పని పరిమితి 4 కోట్ల 20 లక్షలు.

ఇప్పుడు బ్రెజిల్ ఆడిటర్‌కు ఏ అంకె ఇవ్వాలి? 4 కోట్ల 20 లక్షలే ఇచ్చేస్తే ఏమవుతుందో చూడండి. అతను 4 కోట్ల లోపు తప్పు తన కళ్లు కప్పి పోయినా తన పని సరిగ్గా చేసినట్టే. పరవాడలో ఆడిటర్ కూడా అంతే, న్యూజెర్సీలో ఆడిటర్ కూడా అంతే. మూడు చోట్లా మూడేసి కోట్లు జారిపోతే హైదరాబాద్‌లో కలిపేసరికి 9 కోట్లు. ఎవరూ తప్పు చేయలేదు, లెక్క మాత్రం తప్పు. ప్రమాణం దీన్ని కూడికల వల్ల వచ్చే ప్రమాదంగా చూస్తుంది. అందుకే ఒక్కో కాంపొనెంట్‌కు ఇచ్చే పని పరిమితి గ్రూపు పని పరిమితి కంటే కచ్చితంగా తక్కువ ఉండాలంటుంది. ఎంత తక్కువన్నది ఆడిటర్ నిర్ణయం.

కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఇక్కడ రెండో వైపు తప్పు చేస్తారు. 4 కోట్ల 20 లక్షలను పెళ్లి విస్తళ్లలో లడ్డూల్లా పంచేస్తారు, మొత్తం సరిగ్గా 4 కోట్ల 20 లక్షలు అయ్యేలా. అలా పంచక్కర్లేదు. పంచితే పని అనవసరంగా రెట్టింపవుతుంది. నాలుగు చోట్ల జరిగే తప్పులు ఒకదానికొకటి సంబంధం లేనివైతే అవన్నీ ఒకే ఏడాది, ఒకే దిక్కున, పూర్తి హద్దు దాకా పోవడం అరుదు. ఒకచోట లాభం ఎక్కువ చూపితే ఇంకోచోట తక్కువ చూపి ఉండొచ్చు. గణితం ఇలా చెబుతుంది: సంబంధం లేని నాలుగు తప్పులకు ఒక్కోదాని సాధారణ పరిమాణం 2 కోట్ల 10 లక్షలైతే, కలిపినప్పుడు వాటి సాధారణ పరిమాణం నాలుగు రెట్లు కాదు, రెండు రెట్లే, అంటే 4 కోట్ల 20 లక్షలు. కాబట్టి విడివిడి పరిమితుల మొత్తం గ్రూపు పరిమితిని దాటినా తప్పులేదు. ఆ దాటడానికి ఒక అదుపు ఉండాలి, అంతే. నాలుగు సంస్థలనూ ఒకే మేనేజ్‌మెంట్ ఒకే దిక్కుకు నెడుతోందన్న అనుమానం ఉంటే మాత్రం ఈ గణితం పనికిరాదు. తప్పులకు సంబంధం లేదన్న ఊహ అక్కడ నిలవదు.

మన గ్రూపు ఆడిటర్ హైదరాబాద్ మాతృసంస్థకు 3 కోట్లు, పరవాడకు రెండున్నర, న్యూజెర్సీకి 2, బ్రెజిల్‌కు 1 కోటి పెట్టారు. మొత్తం ఎనిమిదిన్నర కోట్లు. సైజును బట్టి మాత్రమే పెట్టిన అంకెలు కావివి. న్యూజెర్సీ అమ్మకాలు పరవాడ కంటే పెద్దవే, అయినా పరిమితి తక్కువ, ఎందుకంటే అక్కడి లెక్కలో అంచనాలు ఎక్కువ. బ్రెజిల్‌లో మునుపటి ఏడాది తప్పులు దొరికాయి, ఖాతాల మేనేజర్ మారాడు, అందుకని ఇంకా తగ్గించారు. వీటితో పాటు ఇంకో చిన్న అంకె కూడా వెళ్తుంది. 30 లక్షలు దాటిన ఏ తప్పు దొరికినా, సరిదిద్దకపోతే, మాకు రాయాలి. ఇది గ్రూపు మెటీరియాలిటీలో 5 శాతం. అంతకంటే చిన్నవి ఎన్ని కలిసినా గ్రూపుకు లెక్కలోకి రావన్న అంచనా. ఈ చిన్న అంకె ఎందుకు ముఖ్యమో చివర్లో చూస్తారు.

ఈ అంకెలన్నీ ఒక ఉత్తరంలో వెళ్తాయి. గ్రూపు ఇన్‌స్ట్రక్షన్స్ అంటారు. ఏ ప్రమాదం చూడాలి, గ్రూపులో ఎవరెవరు సంబంధీకులు, ఏ తేదీకి జవాబు కావాలి, స్వతంత్రత నియమాలు పాటిస్తున్నట్టు ధ్రువీకరణ, అన్నీ అందులోనే. మన లిస్టెడ్ కంపెనీలు మార్చి 31 తర్వాత 60 రోజుల్లో, అంటే మే 30 లోపు ఆడిట్ అయిన ఫలితాలు ప్రకటించాలి. కాబట్టి జవాబులు మే మొదటి వారానికి రావాలి. మా వృత్తిలో ఆ పది రోజులు ఇంటి భోజనం ఉండదు.

న్యూజెర్సీకి రాసిన ఉత్తరంలో ఒక్క విషయం మీద రెండు పేజీలు ఉన్నాయి. అమెరికాలో సాధారణ ప్రైవేటు కంపెనీకి చట్టప్రకారం ఆడిట్ అక్కర్లేదు. కాబట్టి అక్కడి ఆడిటర్ ఈ గ్రూపు కోసమే పని చేస్తున్నాడు, ఏం చూడాలో మనమే చెప్పాలి. జెనెరిక్ మందుల అమ్మకంలో అక్కడ ఒక విచిత్రం ఉంది. కంపెనీ హోల్‌సేల్ వ్యాపారికి లిస్టు ధరకు అమ్ముతుంది, ఉదాహరణకు 100 డాలర్లకు. ఆ వ్యాపారి మందుల షాపుల గొలుసుకు ముందే ఒప్పుకున్న ధరకు, 40 డాలర్లకు ఇస్తాడు. తేడా 60 డాలర్లు తర్వాత కంపెనీ దగ్గర వసూలు చేసుకుంటాడు. దీన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. మార్చి 31న హోల్‌సేలర్ గోదాములో ఇంకా అమ్ముడుపోని సరుకు ఎంతుందో, దాని మీద ఎంత తిరిగి ఇవ్వాలో అంచనా వేసి అప్పుడే ఆదాయంలోంచి తగ్గించుకోవాలి. ఆ అంచనా కొంచెం కదిలితే లాభం బాగా కదులుతుంది. అందుకని ఉత్తరంలో స్పష్టంగా అడిగారు. హోల్‌సేలర్ల మార్చి స్టాక్ రిపోర్టులు తెప్పించి చూడండి, ఏప్రిల్‌లో నిజంగా వచ్చిన క్లెయిములతో పోల్చండి. న్యూజెర్సీ ఆడిటర్ పోల్చాడు. కంపెనీ ఫిబ్రవరి స్టాక్ రిపోర్టు వాడిందని, అంచనా 1 కోటి 70 లక్షలు తక్కువ పడిందని రాశాడు. అతని పరిమితి 2 కోట్లు కాబట్టి, ఆ లోపే ఉందని తన మెమోలో ముగింపు శుభ్రంగానే ఇచ్చాడు. 30 లక్షలు దాటింది కాబట్టి ఆ అంకెను పట్టికలో చూపించాడు.

పరవాడ ఫ్యాక్టరీ రెండు నెలలు మరమ్మతుకు మూతపడింది. ఆ రెండు నెలల జీతాలు, తరుగుదల కూడా మిగిలిన సరుకు ధరలో కలిపేశారు. ఉత్పత్తి అసాధారణంగా తగ్గినప్పుడు ఆ ఖర్చు సరుకు మీద రుద్దకూడదు, ఆ ఏడాది ఖర్చుగానే రాయాలి. పరవాడ ఆడిటర్ పట్టుకున్నారు, 1 కోటి 60 లక్షలు. చిన్నదే కదా సార్, వచ్చే ఏడాది చూద్దాం అంది కంపెనీ. ఆయన పరిమితి లోపే ఉంది కాబట్టి ఆయనా సరే అన్నారు, తేడాను పట్టికలో పెట్టి పంపారు.

బ్రెజిల్ జవాబు అందరికంటే ముందు వచ్చింది, తేడాల పట్టిక ఖాళీగా.

ఫైలు చదవడం అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. కాంపొనెంట్ ఆడిటర్ పంపేది ఒక మెమో, ఒక ప్రశ్నావళి. వీటితో సరిపెట్టుకోవాలనిపిస్తుంది, ఎందుకంటే ఇవి చక్కగా ఉంటాయి. ఒకసారి నాకు ఓ దేశం నుంచి నూట నలభై ప్రశ్నల జవాబులు వచ్చాయి, అన్నింటికీ అవును. అందులో 'మీకు ఏవైనా రికార్డులు చూపడానికి కంపెనీ నిరాకరించిందా?' అన్న ప్రశ్నకూ అవునే. ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి బిత్తరపోయాడు. మొదటి గడిలో రాసి కిందికి లాగేశాడట.

అన్ని ఫైళ్లూ పూర్తిగా చదవడం ఎవరి వల్లా కాదు. ప్రమాదం ఎక్కడుందో అక్కడ, ఆడిటర్ కొత్తవాడైన చోట, జవాబు మరీ తేలిగ్గా వచ్చిన చోట లోతుకు వెళ్తారు. కొన్ని దేశాల్లో ఆడిట్ కాగితాలు సరిహద్దు దాటనివ్వరు. అలాంటప్పుడు అక్కడికి వెళ్లి చూడాలి, లేదా తెర మీద పంచుకుంటే చూసి, ఏం చూశామో మన ఫైలులో మన మాటల్లో రాసుకోవాలి. బ్రెజిల్ ఫైలును మన బృందం అలాగే తెర మీద చూసింది, పక్కన పోర్చుగీసు తెలిసిన సహోద్యోగిని కూర్చోబెట్టుకుని.

మొదట చూసింది తేదీ. బ్రెజిల్‌లో కంపెనీల లెక్కల సంవత్సరం సాధారణంగా డిసెంబరు 31తో ముగుస్తుంది. అక్కడి ఆడిటర్ తన చట్టబద్ధమైన ఆడిట్ జనవరి, ఫిబ్రవరిలో చేసేశాడు. గ్రూపుకు కావలసింది మార్చి 31 లెక్క. పని కాగితాల్లో సగం డిసెంబరువే, పైన శీర్షిక మాత్రం మార్చి. జనవరి నుంచి మార్చి దాకా ఏం జరిగిందన్నదానికి రెండు పేజీల విశ్లేషణ తప్ప మరేం లేదు.

రెండోది పరిమితి. ప్రణాళిక కాగితంలో అతను వాడిన అంకె 1 కోటి కాదు, తన స్థానిక ఆడిట్‌కు పెట్టుకున్న 2 కోట్లు. ఇది మాటల తేడా కాదు. వసూలు కావలసిన బాకీలు 24 కోట్లు. శాంపిల్ తీసే ఒక వాడుక సూత్రం ఇలా ఉంటుంది: తప్పులు ఉండవని ఆశిస్తూ 95 శాతం నమ్మకం కావాలంటే, బాకీల మొత్తాన్ని 3తో గుణించి, సహించగల తప్పుతో భాగించాలి. 2 కోట్లయితే 36 ఇన్‌వాయిస్‌లు చూస్తే చాలు. 1 కోటి అయితే 72 చూడాలి. అతను 36 చూశాడు. మెమోలో 'మీ సూచనల ప్రకారం బాకీలను పరీక్షించాము' అని రాశాడు. మెమో చదివి సంతకం పెట్టినవాడికి మిగతా 36 గురించి ఎప్పటికీ తెలియదు.

మూడోది బోన్లాట్ ప్రశ్న. బాకీదారులకు ఉత్తరాలు ఎవరు పంపారు, జవాబులు ఎక్కడికి వచ్చాయి? ఇక్కడ అతని పని బాగుంది. మెయిళ్లు ఆడిట్ కార్యాలయం నుంచే వెళ్లాయి, జవాబులు నేరుగా అక్కడికే వచ్చాయి, పంపినవారి చిరునామాలను బాకీదారుల అధికారిక వెబ్‌సైట్లతో సరిచూశారు. అయితే సగం మంది జవాబివ్వలేదు. జవాబు రాని చోట ప్రత్యామ్నాయంగా అమ్మకపు బిల్లు చూసి టిక్కు పెట్టారు. బిల్లు కంపెనీ రాసుకున్నదే. బాకీ నిజమని తేలేది తర్వాత డబ్బు వచ్చినప్పుడు. ఏప్రిల్ బ్యాంకు ఖాతా ఫైలులో లేదు.

గ్రూపు బృందం అతన్ని తప్పుపట్టలేదు, మిగతా పని అడిగింది. ఇంకో 36 ఇన్‌వాయిస్‌లు, మార్చి తేదీకి, ఏప్రిల్ వసూళ్లతో సహా. మార్చి ఆఖరి వారంలో ఒకే పంపిణీదారుకు రాసిన నాలుగు బిల్లులు అందులో పడ్డాయి. వాటికి డబ్బు రాలేదు. ఏప్రిల్ రెండో వారంలో సరుకే వెనక్కి వచ్చింది, క్రెడిట్ నోట్లు ఇచ్చారు. సరుకు విలువ తీసేశాక లాభంలో తేడా 80 లక్షలు. ఖాళీ పట్టికలో ఒక అంకె చేరింది.

నాలుగోది ఏ కాంపొనెంట్ ఆడిటర్‌కూ కనబడనిది. హైదరాబాద్ నుంచి మార్చి 20న 8 కోట్ల సరుకు న్యూజెర్సీ సంస్థకు ఓడలో బయలుదేరింది. హైదరాబాద్ పుస్తకాల్లో అది అమ్మకం, సరైనదే. న్యూజెర్సీ పుస్తకాల్లో దారిలో ఉన్న సరుకు, అదీ సరైనదే. ఇద్దరు ఆడిటర్లూ టిక్కు పెట్టారు. కానీ కుటుంబం మొత్తంగా చూస్తే సరుకు బయటివాడి చేతికి పోలేదు. నాన్న కొడుక్కి అమ్మి లాభం వచ్చిందనడం లాంటిది. ఆ ధరలో ఉన్న 25 శాతం లాభాన్ని, అంటే 2 కోట్లను, కన్సాలిడేషన్‌లో తీసేయాలి. కంపెనీ తయారుచేసిన పట్టికలో న్యూజెర్సీ గోదాములో ఉన్న సరుకు మీద లాభం తీశారు, సముద్రం మీద ఉన్నదాన్ని మరిచిపోయారు. కన్సాలిడేషన్ పని ఎవరికీ అప్పగించలేనిది, గ్రూపు ఆడిటరే చేయాలి. రెండు సంస్థలు ఒకరికొకరు చూపుకున్న అంకెలను పక్కపక్కన పెడితే అది దొరుకుతుంది.

మే మూడో వారంలో గ్రూపు ఆడిటర్ ముందు ఒక చిన్న కాగితం ఉంది. పరవాడ 1 కోటి 60 లక్షలు, న్యూజెర్సీ 1 కోటి 70 లక్షలు, బ్రెజిల్ 80 లక్షలు, సముద్రం మీద సరుకు 2 కోట్లు. ఏ ఒక్కటీ దాని పరిమితి దాటలేదు. ముగ్గురు ఆడిటర్లూ తమ తమ చోట లెక్క బాగుందనే చెప్పారు, వాళ్ల వరకు అది నిజమే. నాలుగూ ఒకే దిక్కున ఉన్నాయి, లాభాన్ని పెంచే దిక్కున. మొత్తం 6 కోట్ల 10 లక్షలు. హద్దు 6 కోట్లు. ఆ చిన్న 30 లక్షల నిబంధన లేకపోతే పరవాడ, న్యూజెర్సీ అంకెలు వాళ్ల ఫైళ్లలోనే ఉండిపోయేవి. బ్రెజిల్ ఫైలు తెరవకపోతే మొత్తం 5 కోట్ల 30 లక్షల దగ్గర ఆగేది, హద్దు లోపల.

నాలుగు తేడాలూ ఒకే వైపుకు వంగాయంటే గ్రూపు ఆడిటర్ ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి: ఇది యాదృచ్ఛికమా, లాభం ఇంత చూపాలని పైనుంచి ఎవరైనా ఒత్తిడి చేశారా? ఫిబ్రవరి స్టాక్ రిపోర్టు వాడమని న్యూజెర్సీకి చెప్పింది ఎవరు, మార్చి ఆఖరి వారంలో ఆ నాలుగు బిల్లులు ఎవరి ఆమోదంతో వెళ్లాయి అన్న విచారణకు రెండు రోజులు పట్టింది. మన ఊహా కంపెనీలో దానికి మామూలు జవాబులే దొరికాయనుకుందాం. దొరకకపోతే ముందు పెట్టిన పరిమితులన్నీ తిరిగి లెక్కేయాలి, సంబంధం లేని తప్పులన్న ఊహ మీదే అవి కట్టినవి కాబట్టి.

కంపెనీ మూడు తేడాలు సరిదిద్దింది. పరవాడది మాత్రం సరిదిద్దనంది. మిగిలిన 1 కోటి 60 లక్షలు హద్దుకు చాలా దిగువన ఉంది కాబట్టి, ఆ సంగతి ఆడిట్ కమిటీకి రాతపూర్వకంగా చెప్పి గ్రూపు ఆడిటర్ ముందుకు వెళ్లారు. ఇంకొక్క పని ఉంది. కాంపొనెంట్ ఆడిటర్ల మెమోల మీద తేదీ మే 6. గ్రూపు నివేదిక మీద సంతకం మే 28న. మధ్యలో ఇరవై రెండు రోజులు. అందుకే మే 27 రాత్రి మూడు చోట్లకూ ఒకే వాక్యం మెయిల్ వెళ్లింది: మీ మెమో తేదీ తర్వాత మాకు చెప్పాల్సింది ఏమైనా జరిగిందా? పరవాడ నుంచి పావుగంటలో, న్యూజెర్సీ నుంచి గంటలో జవాబు వచ్చింది, లేదని. బ్రెజిల్‌లో అప్పటికి ఇంకా మధ్యాహ్నం. అక్కడి ఆడిటర్ మెయిల్ రాయకుండా ఫోన్ చేశాడు. సరుకు వెనక్కి పంపిన ఆ పంపిణీదారు దివాలా దరఖాస్తు వేశాడని, పాత బాకీ ఇంకో 22 లక్షలు అతని దగ్గరే ఉందని, అది మీ 30 లక్షల లోపే అయినా చెప్పాలనిపించిందని. గ్రూపు ఆడిటర్ ఆ అంకెను కాగితంలో పరవాడ కింద రాసుకుని, మొత్తం 1 కోటి 82 లక్షలని కూడి, మర్నాడు పొద్దున సంతకం పెట్టారు.